అరవై మిల్లీలీటర్లు ఒక్కసారా, మూడుసార్లా?

టీ పొడిలోంచి కెఫీన్ తీసే ప్రాక్టికల్ చేయించిన ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుందని ఎదురుచూస్తాను. చాలా ఏళ్లు రాదు. ఈసారి వచ్చింది. చివరి బెంచీ దగ్గర, కలవని రెండు ద్రవాల పొరలను విడదీసే సెపరేటింగ్ ఫన్నెల్ పట్టుకుని నిలబడిన అమ్మాయి అడిగింది: "మేడమ్, ద్రావణి మొత్తం అరవై మిల్లీలీటర్లే కదా. ఒకేసారి పోసినా, ఇరవై చొప్పున మూడుసార్లు పోసినా చివరికి సమతాస్థితి వచ్చేస్తుంది కదా. కొత్తగా ఏమీ కలపనప్పుడు ఎక్కువ కెఫీన్ ఎక్కడినుంచి వస్తుంది?"

ఆ ప్రశ్నకు పుస్తకాల్లో జవాబు ఉందనుకుంటాం, కానీ ఉండదు. అక్కడ ఉండేది ఫార్ములా. ఎన్నిసార్లు తీశామో చెప్పే n విలువ పెంచితే నీళ్లలో మిగిలేది తగ్గుతుందని చూపించి, కింద ఒక లెక్క చేసి, "కాబట్టి పలుమార్లు నిష్కర్షణ మేలు" అని గీత గీసేస్తారు. పిల్లలు ఆ వాక్యాన్ని బట్టీ పట్టి అయిదు మార్కులు తెచ్చుకుంటారు. ఎందుకు మేలో చెప్పలేరు, ఎప్పుడు మేలు కాదో అసలే చెప్పలేరు. నా ఫిర్యాదు ముఖ్యంగా ఆ రెండో దాని గురించే. ముందు ఆ అమ్మాయి ప్రశ్న సంగతి చూద్దాం.

మేం చేసే పద్ధతి మామూలుదే. పది గ్రాముల టీ పొడి, నీళ్లు, రెండు మూడు గ్రాముల సోడియం కార్బొనేట్ వేసి పావుగంట మరిగిస్తాం. టీలో కెఫీన్‌తో పాటు టానిన్లు కూడా దిగుతాయి. వాటికి ఆమ్ల గుణం ఉంటుంది కాబట్టి ఈ కార్బొనేట్‌తో కలిసి లవణాలుగా మారి నీళ్లలోనే ఉండిపోతాయి. వడగట్టాక పొడిని గరిటెతో గట్టిగా నొక్కి పిండాలి, లేకపోతే పొడి పట్టుకున్న నీళ్లలోనే బోలెడు కెఫీన్ చెత్తబుట్టలోకి పోతుంది. ఇలా ఒక వంద మిల్లీలీటర్ల డికాక్షన్ చేతికొస్తుంది. పాలూ పంచదారా లేవు, అంతే తేడా.

తర్వాత దాన్ని చల్లార్చాలి. గోరువెచ్చగా ఉన్నా సరిపోదు, బాగా చల్లారాలి. మేం వాడే ద్రావణి డైక్లోరోమీథేన్. కంపెనీల్లో దీన్ని మిథిలీన్ డైక్లోరైడ్ అంటారు, ఇంకా కుదించి ఎండీసీ అంటారు. నాకు ఆ పేరే అలవాటు. ఇది దాదాపు 40 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. ఒకసారి ఒక కుర్రాడు తొందరపడి వెచ్చటి డికాక్షన్‌లో ఎండీసీ పోసి, మూత బిగించి ఊపాడు. మూత ఎగిరి ఫ్యూమ్ హుడ్ అద్దానికి తగిలింది, గోధుమరంగు నీళ్లు వాడి కోటు మీద చింది పడ్డాయి. అప్పటి నుంచి నేనే ఒక్కొక్కరి ఫన్నెల్‌ను చేత్తో తాకి చూస్తాను. చల్లారిన దానిలో కూడా ఒకటి రెండుసార్లు తిప్పగానే ఫన్నెల్‌ను తలకిందులు చేసి, కాడను మనుషుల వైపు కాకుండా హుడ్ లోపలికి తిప్పి, కుళాయి తెరవాలి. ఉస్స్‌మని ఆవిరి బయటికి పోతుంది. ఆ శబ్దం ఆగేదాకా ఇలాగే.

ఎండీసీ నీళ్లకంటే బరువు, కాబట్టి కిందికి దిగుతుంది. ఏ పొర ఏదో అనుమానం వస్తే పైనుంచి ఒక చుక్క నీళ్లు వేసి అది ఎక్కడ కలిసిపోతుందో చూస్తే చాలు. పైపొరలో కలిసిపోతే పైది నీళ్ల పొర. చుక్కగానే జారి కిందిపొరలో కలిస్తే కిందిది నీళ్ల పొర.

ఇప్పుడు అసలు విషయం. ఈ రెండు పొరల మధ్య కెఫీన్ ఎటూ పూర్తిగా వెళ్లదు. అణువులు అటూ ఇటూ దాటుతూనే ఉంటాయి. అటు వెళ్లేవీ ఇటు వచ్చేవీ సమానమయ్యాక పై నుంచి చూస్తే ఏమీ జరగనట్టు ఉంటుంది. అప్పుడు ఎండీసీలోని గాఢతను నీళ్లలోని గాఢతతో భాగిస్తే వచ్చే సంఖ్యే వితరణ గుణకం. ఒక ఉష్ణోగ్రత దగ్గర, ద్రావితాన్ని కాస్త ఎక్కువ వేసినా తక్కువ వేసినా ఈ సంఖ్య మారదని 1872లో బెర్తెలో, యుంగ్‌ఫ్లైష్ చూపించారు. ఎప్పుడు మారుతుందో 1891లో నెర్న్‌స్ట్ తేల్చాడు. ఆ సంగతి తర్వాత వస్తుంది.

కెఫీన్‌కి, ఎండీసీ–నీళ్ల జతలో ఈ గుణకం ఎంతో కచ్చితంగా ఒక అంకె చెప్పడం కష్టం. వేడిమిని బట్టీ, నీళ్లలో ఉన్న లవణాన్ని బట్టీ కదులుతుంది. లెక్క సులువు కోసం 5 అనుకుందాం. పది గ్రాముల టీ నుంచి నీళ్లలోకి 300 మిల్లీగ్రాముల కెఫీన్ వచ్చిందనుకుందాం. నీళ్లు వంద మిల్లీలీటర్లు.

అరవై మిల్లీలీటర్ల ఎండీసీ ఒకేసారి పోస్తే? గుణకం 5 కాబట్టి, కెఫీన్ దృష్టిలో ఆ అరవై ఎంఎల్ ఎండీసీ మూడువందల ఎంఎల్ నీళ్లతో సమానం. పక్కన వంద ఎంఎల్ నీళ్లు అసలువి ఉన్నాయి. మొత్తం నాలుగు వాటాలు, అందులో మూడు ఎండీసీవి. అంటే 225 మిల్లీగ్రాములు కిందికి దిగుతాయి, 75 నీళ్లలో మిగులుతాయి.

ఇరవై చొప్పున పోస్తే? ఇరవై ఎంఎల్ ఎండీసీ వంద ఎంఎల్ నీళ్లతో సమానం, కాబట్టి చెరి సగం. మొదటిసారి 150 దిగింది, 150 మిగిలింది. ఆ ఎండీసీని తీసేసి కొత్తది ఇరవై పోస్తే మళ్లీ సగం, 75 దిగింది. మూడోసారి 37.5. మొత్తం 262.5 మిల్లీగ్రాములు చేతికొచ్చాయి, నీళ్లలో 37.5 మిగిలాయి. వృథా సరిగ్గా సగమైంది. ఎండీసీ ఒక్క చుక్క కూడా ఎక్కువ పట్టలేదు.

ఇక్కడికి పుస్తకం ఆగిపోతుంది, ఆ అమ్మాయి ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఎక్కువ ఎక్కడినుంచి వచ్చింది?

నేను తనతో మిల్లీగ్రాములు వదిలేసి గాఢతలు రాయమన్నాను. ఒకేసారి పోసినప్పుడు ఆట ముగిసేసరికి నీళ్లలో మిల్లీలీటరుకు 0.75 మిల్లీగ్రాములు ఉన్నాయి. ఎండీసీ దానికి అయిదింతలు, అంటే 3.75. అరవై ఎంఎల్‌లో ప్రతి ఎంఎల్‌కూ అంతే. ఒక్కటి కూడా అంతకంటే ఎక్కువ మోయలేదు, ఎందుకంటే అన్నీ కలిసి చివరికి మిగిలిన ఆ పల్చటి నీళ్లతోనే సర్దుకోవాలి.

మూడుసార్లు పోసినప్పుడు మొదటి ఇరవై ఎంఎల్ బయటికి వెళ్లేటప్పుడు నీళ్లలో ఇంకా 1.5 ఉంది. కాబట్టి అది మిల్లీలీటరుకు 7.5 మోసుకుని వెళ్లింది. రెండోది 3.75తో, మూడోది 1.875తో వెళ్లాయి. మూడోది పాపం ఒకేసారి పోసిన దానిలో సగమే మోసింది. అయినా మొదటిది రెండింతలు మోసింది కాబట్టి సగటున 4.375 పడింది. తేడా మొత్తం మొదటి వాటాలోనే ఉంది. నీళ్లు చిక్కగా ఉన్నప్పుడే దాన్ని నిండా బరువెత్తించి పంపించేశాం. అక్కడే ఉండనిస్తే, నీళ్లు పలచబడేకొద్దీ అది మోసిన దాన్ని వెనక్కి వదిలేసేది. తీసేయడం వల్ల వదిలే అవకాశం పోయింది.

"అంటే కొత్తది పోయడం కాదు మేడమ్, పాతది తీసేయడమే ముఖ్యం" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. ఇందులోనే ఇంకో సందేహానికీ జవాబు ఉంది. చాలామంది ఒకే ఎండీసీతో అరగంట సేపు ఊపుతారు, కష్టపడితే ఇంకాస్త దిగుతుందని. దిగదు. సమతాస్థితి వచ్చాక ఎంతసేపు ఊపినా అటు వెళ్లేది ఇటు వస్తుంది. పైపెచ్చు రెండు పొరలూ విడిపోకుండా కలగలిసిపోయి ఎమల్షన్ తయారవుతుంది.

ఇది మా అమ్మమ్మకు కెమిస్ట్రీ లేకుండానే తెలుసు. బావి నీళ్లు తోడుకునే ఇల్లు. సబ్బు పెట్టిన బట్టలను ఒక పెద్ద బకెట్ నిండా నీళ్లలో ముంచి తీస్తే ఒప్పుకునేది కాదు. అవే నీళ్లను మూడు వాటాలు చేసి, ప్రతిసారీ పిండి, జాడించి, మళ్లీ పిండమనేది. పిండిన బట్టల్లో ఒక లీటరు సబ్బు నీళ్లు ఉండిపోయాయనుకోండి. తొమ్మిది లీటర్లలో ఒకేసారి జాడిస్తే సబ్బులో పదో వంతు మిగులుతుంది. మూడేసి లీటర్లలో మూడుసార్లయితే ప్రతిసారీ నాలుగో వంతు చొప్పున, చివరికి అరవై నాలుగో వంతు. అయితే అమ్మమ్మ "పిండు" అనే మాటను ఎందుకంత గట్టిగా అనేదో నాకు సెపరేటింగ్ ఫన్నెల్ పట్టుకున్నాకే అర్థమైంది. పిండకుండా ఎన్నిసార్లు ముంచినా లాభం తగ్గిపోతుంది.

ఇక రెండో ప్రశ్న. "కష్టపడి మూడుసార్లు ఎందుకు, ఒకేసారి ఎక్కువ ద్రావణి పోసేస్తే పోలా?" ఇది పిల్లలు కాదు, నేను కాలేజీకి రాకముందు పనిచేసిన ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో షిఫ్ట్ వాళ్లు అడిగేవారు. లెక్క వేస్తే, ఒక్కసారిలో మిగిలేది 37.5కు తగ్గాలంటే 140 ఎంఎల్ ఎండీసీ కావాలి. అరవై బదులు నూటనలభై. అంతా తర్వాత ఆవిరి చేసి వెనక్కి రాబట్టాలి. ఖర్చు ఒక్కటే కాదు, దీనిలో పుస్తకాలు ఎత్తని ఒక మెలిక ఉంది. మనకు అక్కర్లేనిది ఏదైనా నీళ్లలో ఉండి, దాని గుణకం 0.1 అనుకోండి. అరవై ఎంఎల్ ఒకేసారి పోస్తే అందులో 5.7 శాతం దిగుతుంది, మూడుసార్లు పోస్తే 5.8 శాతం. దాదాపు ఒకటే! అదే 140 ఎంఎల్ పోస్తే 12 శాతం దాటుతుంది. అంటే రెండు దారుల్లోనూ కెఫీన్ అంతే వచ్చింది, కానీ ఎక్కువ ద్రావణి పోసిన దారిలో మలినం రెండింతలు. ద్రావణిని వాటాలు చేస్తే కావలసినది పెరుగుతుంది, అక్కర్లేనిది పెరగదు. నన్నడిగితే పలుమార్లు చేయడానికి ఇదే గట్టి కారణం.

ఇంతవరకు పద్ధతి తరఫున వాదించాను. ఇప్పుడు దాన్ని గుడ్డిగా వాడేవాళ్ల మీదికి వస్తాను. మూడుసార్లు మంచిదైతే ఆరుసార్లు ఇంకా మంచిదే కదా అనే ఉత్సాహవంతులు ప్రతి బ్యాచ్‌లో ఒకరు ఉంటారు. పదేసి ఎంఎల్ చొప్పున ఆరుసార్లు చేస్తే మిగిలేది 26 మిల్లీగ్రాములు. అయిదేసి చొప్పున పన్నెండుసార్లయితే 20కి కాస్త పైన. చుక్క చుక్కగా లెక్కలేనన్ని సార్లు చేసినా 15 దగ్గర గోడ తగులుతుంది, అంతకంటే కిందికి దిగదు. ఒకటి నుంచి మూడుకు వెళ్లినప్పుడు 37.5 మిల్లీగ్రాములు దొరికాయి. మూడు నుంచి ఆరుకు వెళ్తే దొరికేది పదకొండే, దానికోసం మూడు ఊపులు, మూడు నిరీక్షణలు.

పైగా ఆ లెక్క కాగితం మీదిది. ఎండీసీ నీళ్లలో అసలు కలవదనుకుంటాం గానీ కొంచెం కలుస్తుంది. వంద ఎంఎల్ నీళ్లు ఒక ఎంఎల్‌కు పైగానే మింగేస్తాయి. ఇరవై పోస్తే అది పెద్ద లెక్క కాదు. అయిదు పోసిన వాడికి మొదటి వాటాలో అయిదో వంతు కనబడదు, వాడు ఫన్నెల్ వైపు అనుమానంగా చూస్తాడు. మధ్యలో ఎమల్షన్ పొర ఒకటి. మనం మంచికని వేసిన సోడియం కార్బొనేటే టానిన్లను సబ్బులాంటి లవణాలుగా మార్చింది కాబట్టి, గట్టిగా ఊపితే రెండు పొరల మధ్య గోధుమరంగు నురగలాంటిది నిలబడిపోతుంది. ఎన్నిసార్లు ఊపితే అన్నిసార్లు అది పెరుగుతుంది, అందులో చిక్కుకున్న ఎండీసీ దిగదు. ఫన్నెల్‌ను ఊపకుండా మెల్లగా పడుకోబెట్టి లేపుతున్నట్టు తిప్పాలి. అయినా ఏర్పడితే చిటికెడు ఉప్పు వేసి ఆగాలి. ఉప్పు పొరలను విడగొట్టడమే కాక, కెఫీన్‌ను కూడా నీళ్లలోంచి కొంత బయటికి నెడుతుంది.

అసలు వాటాలు చేయడం ఎప్పుడు దండగో ఒక చిన్న గుణకారంతో తెలిసిపోతుంది. వితరణ గుణకాన్ని ద్రావణి పరిమాణంతో గుణించి, నీళ్ల పరిమాణంతో భాగించండి. మన కెఫీన్‌కి ఇది 3 (`5 × 60 / 100`). ఇలా ఒకటికీ పదికీ మధ్య ఉన్నప్పుడు వాటాలు చేయడం బాగా కలిసొస్తుంది. పైన చెప్పిన మలినానికి అది 0.06. అలాంటిదే మనకు కావలసిన పదార్థమైతే? ఒకేసారి పోసినా 94 శాతం నీళ్లలోనే, వెయ్యిసార్లు పోసినా 94 శాతం నీళ్లలోనే. అక్కడ "ఇంకోసారి చెయ్" అనే సలహా పనికిరాదు, ద్రావణినో నీళ్ల పీహెచ్‌నో మార్చి గుణకాన్నే మార్చాలి. అటు చివర అయోడిన్ ఉంది. కార్బన్ టెట్రాక్లోరైడ్–నీళ్ల మధ్య దాని గుణకం దాదాపు 85. అరవై ఎంఎల్ ఒక్కసారి పోస్తేనే 98 శాతం దిగిపోతుంది. నీళ్లలో చివరి ఆనవాలు కూడా ఉండకూడదంటే తప్ప రెండోసారి ఫన్నెల్ ఎత్తక్కర్లేదు. వింత ఏమిటంటే, మన ప్రాక్టికల్ పుస్తకాల్లో వితరణ నియమానికి ఉదాహరణగా ఎక్కువగా కనిపించేది ఈ అయోడినే. పలుమార్లు చేయడం పెద్దగా అవసరం లేని పదార్థాన్ని చూపించి, పలుమార్లు చేయమని చెబుతున్నాం.

నెర్న్‌స్ట్ సంగతి చెబుతానన్నాను. ఆయన చెప్పింది, ద్రావితం రెండు పొరల్లోనూ ఒకే అణురూపంలో ఉంటేనే ఆ నిష్పత్తి నిలకడగా ఉంటుందని. బెంజాయిక్ ఆమ్లం నీళ్లలో ఒంటరి అణువుగా ఉంటుంది, బెంజీన్‌లోకి వెళ్లాక రెండేసి అణువులు చేతులు కలుపుకుని జంటలవుతాయి. అప్పుడు నిలకడగా ఉండేది నీళ్లలోని గాఢతకూ, బెంజీన్‌లోని గాఢత వర్గమూలానికీ మధ్య నిష్పత్తి. ఆచరణలో దీని అర్థం, నీళ్లు పలచబడేకొద్దీ బెంజీన్ వైపు మొగ్గు తగ్గుతూ పోతుంది. మొదటి వాటాతో లెక్కకట్టిన గుణకాన్ని నాలుగో వాటాకు కూడా వాడితే కాగితం మీద అంతా దిగిపోయినట్టు కనిపిస్తుంది, నీళ్లలో మాత్రం ఆమ్లం ఉంటుంది. కెఫీన్‌తో ఈ బాధ మా స్థాయిలో కనబడలేదు.

మళ్లీ ఆ యూనిట్ దగ్గరికి. అక్కడ ఫన్నెల్ బదులు రియాక్టర్. లేయర్లు విడిపోవడానికే అరగంట, గంట పట్టేది. కింద పైపుకున్న సైట్ గ్లాస్‌లో టార్చిలైట్ వేసి, ఎండీసీ అయిపోయి నీళ్ల పొర వచ్చే గీత కోసం ఒకరు కూర్చుని చూసేవారు. నైట్ షిఫ్ట్‌లో ఆ గీత కోసం కళ్లు చిట్లించి కూర్చోవడం ఎంత నరకమో చూసినవాళ్లకే తెలుసు. కాబట్టి "మూడోసారి వద్దండీ" అనేవాళ్లను నేను తప్పు పట్టలేను. మూడోసారి దించిన ఎండీసీలో, అంటే మూడో సారంలో, దొరికేది తక్కువ, దాన్ని స్వేదనం చేయడానికి ఆవిరి మాత్రం అంతే అవుతుంది. అక్కడ ఒక సీనియర్ కెమిస్టు చేసిన పని నాకు నచ్చింది. ఆయన మూడో సారాన్ని స్వేదనానికి పంపకుండా డ్రమ్ములో పక్కన పెట్టించి, తర్వాతి బ్యాచ్‌కి మొదటి వాటాగా వాడించారు. అది పలచటిదే, కానీ ఎదురుగా వచ్చేవి చిక్కటి నీళ్లు కాబట్టి ఇంకా చాలా మోయగలదు. చివరి వాటా మాత్రం ఎప్పుడూ కొత్త ఎండీసీయే. పల్చటి నీళ్లకు కొత్త ద్రావణి, చిక్కటి నీళ్లకు వాడిన ద్రావణి. అలా అయిదారు బ్యాచ్‌ల తర్వాత మలినాలు పేరుకుంటున్నాయేమోనని పరీక్ష చేయించేవారు, పేరుకుంటే ఆ డ్రమ్మును స్వేదనానికి పంపేవారు.

ఆ రోజు ల్యాబ్‌లో ఈ కథంతా చెప్పాక ఆ అమ్మాయి తన మూడు వాటాలనూ కలపకుండా విడివిడి బీకర్లలో ఉంచుకుంది. అన్నింటిలోనూ అనార్ద్ర సోడియం సల్ఫేట్ వేసింది. మొదట గడ్డకట్టిన పొడి, ఇంకాస్త వేశాక బీకరు తిప్పితే పంచదారలా జారింది, అంటే తడి పోయింది. తర్వాత ఒక్కో బీకరులోంచి నాలుగేసి చుక్కలు తీసి మూడు వాచ్‌గ్లాసుల మీద వేసింది. ఎండీసీ నిమిషంలో ఎగిరిపోయింది. మొదటిదానిలో తెల్లటి పొడి వలయం, కొంచెం ఆకుపచ్చ ఛాయ. రెండోదానిలో పలచగా. మూడోదాన్ని లైటు కిందికి వంచి చూస్తే తప్ప కనిపించలేదు.

"నాలుగోసారి పోయాలా మేడమ్?"

ఇంకో ఇరవై ఎంఎల్ పోస్తే లెక్క ప్రకారం పంతొమ్మిది మిల్లీగ్రాములు వస్తాయని తనే నోటుబుక్కు మార్జిన్‌లో వేసుకుంది. ఫన్నెల్‌లో గోధుమరంగు నురగ బొటనవేలంత మందంగా నిలబడి ఉంది. గడియారంలో పన్నెండున్నర. వాచ్‌గ్లాసు వైపు ఇంకోసారి చూసి, ఎండీసీ సీసాకు మూత బిగించింది.